త్రైరాశికం రాని ఐఐటీ కోచింగ్

సంక్రాంతి దాటిందంటే వేమూరు వీధుల్లో కోచింగ్ వాళ్ల పీఆర్వోల బళ్లు తిరగడం మొదలు. పదో తరగతి పిల్లాడున్న ఇల్లు వాళ్లకెలా తెలుస్తుందో దేవుడికెరుక. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, "ఈ కన్సెషన్ మీకొక్కరికే బాబాయ్" అంటాడు. ఆ ఒక్కరూ ఊళ్లో ఇంటికొకరు. ఇంత మాటకారి సంస్థ రశీదు వెనక మాత్రం రెండు ముక్కలతో సరిపెడుతుంది: చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు, మధ్యలో మానేసినవారి విషయంలో యాజమాన్యం నిర్ణయమే అంతిమం.

ఇవ్వనే ఇవ్వనప్పుడు ఇంకా నిర్ణయించేదేమిటో? వేమూరు స్టేషన్లో రైలెక్కేవాడికైనా రిజర్వేషన్ రద్దు చేసుకుంటే ఎన్ని గంటల ముందు ఎంత కోస్తారో రైల్వే రాసిపెట్టింది. లక్షన్నర పుచ్చుకున్న సంస్థకి ఆ పట్టిక వేయడానికి కాగితం చాలలేదు. ఆ అస్పష్టత అజాగ్రత్త కాదు, దానికి మంచి గిరాకీ ఉంది. ఎంత రావాలో తెలియని తండ్రి ఎంతిచ్చినా దణ్ణం పెడతాడు.

పిల్లాడు రెండు నెలలకే ఇంటికొచ్చేశాడనుకుందాం. తండ్రి ఉత్తరం రాస్తాడు. "ఒంట్లో బాగుండక మానేశాడు, సన్నకారు రైతుని, పెద్దమనసుతో దయచూపగలరు." ఆ ఉత్తరం క్యాంపస్ ఇంచార్జి నుంచి అకౌంట్స్‌కీ, అక్కణ్ణించి హెడ్డాఫీసుకీ పోతుంది. హెడ్డాఫీసు నుంచి తిరిగొచ్చిన ఉత్తరాన్ని చూసినవాళ్లు లేరు. దయ అడిగితే దయ లేదనడం తేలిక. లెక్క అడిగితేనే నోరు తడారుతుంది.

కాబట్టి ఉత్తరం ఇలా ఉండాలి: "మా అబ్బాయి ఫలానా తేదీన చేరాడు, ఫలానా తేదీన మానేశాడు. పది నెలల కోర్సుకి లక్షా యాభై వేలు కట్టాం, రశీదు నకలు జతచేశాను. ట్యూషన్ తొంభై వేలు, హాస్టల్, మెస్ అరవై వేలు. వాడుకున్నది రెండు నెలలు. మిగిలిన ఎనిమిది నెలలకి ట్యూషన్ 72,000, హాస్టల్, మెస్ 48,000, మొత్తం 1,20,000 రూపాయలు పది రోజుల్లో ఈ ఖాతాకి జమచేయండి. మెమో, టీసీ ఒరిజినల్స్ కూడా ఇవ్వండి." దీంట్లో జబ్బు లేదు, పేదరికం లేదు, ఉన్నదల్లా త్రైరాశికం. పిల్లలకి ఇంటిగ్రేషన్ నేర్పేవాళ్లకి ఇది అర్థం కాదంటే నమ్మలేం.

ఆ పది రోజులు తండ్రి పుట్టించిన గడువు కాదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి దామాషాగా పది రోజుల్లో వాపసివ్వాలి, హాస్టల్, మెస్ ఫీజులతో సహా. మెటీరియల్‌కి విడిగా డబ్బు తీసుకోకూడదనీ అందులోనే ఉంది. కనుక "పుస్తకాలకి పాతికవేలు పోయాయి" అనే పాట పాడాలంటే ఆ కాగితం చూడనట్టు నటించాలి. అయితే ఇవి మార్గదర్శకాలే, రాష్ట్రం అమల్లో పెడితేనే వాటికి పళ్లు. అందుకని ఉత్తరంలో వాటి పక్కన 2019 వినియోగదారుల రక్షణ చట్టం పేరు కూడా ఉండాలి.

అప్పుడు సంస్థ సరస్వతీ అవతారం ఎత్తుతుంది: మాది విద్యాసంస్థ, వినియోగదారుల చట్టం మాకు వర్తించదు! పీఆర్వోని పంపి, ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టి, కన్సెషన్ బేరమాడినప్పుడు వ్యాపారం. వాపసు అడిగితే గురుకులం. 2020లో మను సోలంకి కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ విద్యాసంస్థల్ని చట్టం పరిధి నుంచి తప్పిస్తూనే, కోచింగ్ సంస్థలు ఆ కోవలోకి రావని తేల్చింది. ఇక్కడొక మెలిక ఉంది. మన దగ్గర ఇంటర్ కాలేజీ, కోచింగ్ ఒకే గేటు లోపల ఉంటాయి. రశీదు ఏ పేరున ఇచ్చారో, దేనికెంతో చూసుకోవాలి. అంతా కాలేజీ ఫీజే అని రాసుంటే ఆ వాదనకి బలమొస్తుంది. విడివిడిగా రాయమని అడగాల్సింది కట్టే రోజునే, మజ్జిగ గ్లాసు ఇంకా పీఆర్వో చేతిలో ఉండగానే.

"సీటు ఖాళీ అయిపోయింది, మా నష్టం ఎవరు భరిస్తారు?" అనేది చివరి అస్త్రం. మరి ఏడాది ఫీజు మొదటి రోజే ఎందుకు లాగారు? 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు వృత్తి విద్యా కళాశాలలకే ఒక మాట చెప్పింది: విద్యార్థి మధ్యలో పోతాడని భయముంటే బాండో బ్యాంకు గ్యారంటీయో అడగండి, అంతేగానీ రాబోయే సంవత్సరాల ఫీజులు ముందే వసూలు చేయొద్దని. కోచింగ్ ఫీజుల తగాదాల్లో వినియోగదారుల కమిషన్లు ఈ తీర్పును ఉటంకిస్తుంటాయి.

ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపాలి. కౌంటర్‌లో చేతికిస్తే దానికి సాక్ష్యం గోడగడియారమే. జవాబు రాకపోతే 1915కి ఫోను. అక్కడా తెగకపోతే ఫిర్యాదు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో దాఖలు రుసుం లేదు. పైగా కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసమున్న చోటే కేసు వేయవచ్చు. హెడ్డాఫీసు ఏ నగరంలో ఉన్నా వకీలును మన జిల్లాకే పంపాలి. పీఆర్వో గారికి దారి ఎలాగూ తెలుసు, వెంటబెట్టుకుని వస్తాడు.