‘మేం పేదోళ్ళం’ అనే మాటకు బహిరంగ లేఖ

కథల్లో, నాటకాల్లో, సినిమాల్లో పాత్రల నోట్లో దూరి, ‘మాది పేద బతుకు బాబూ’ అని చెప్పేసి వెళ్ళిపోయే మాటా,

ఈ ఉత్తరం నీకే. షోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ పోయే రోడ్డు మీద కుంభారి అని ఒక ఊరుంది. అక్కడి బీడీ కార్మికుల ఇళ్ళ మధ్య నుంచి రాస్తున్నాను. మా వాళ్ళ మీద కథలు రాసి చూపించే కుర్రవాళ్ళ కాగితాలు నా దగ్గరికి వస్తుంటాయి. వాళ్ళలో చాలామంది పద్మశాలి ఇళ్ళ పిల్లలే. తాతముత్తాతలు తెలంగాణ నుంచి మగ్గం పనికి షోలాపూర్ వచ్చారు. ఆ తర్వాత మగవాళ్ళు పవర్‌లూమ్ మీదికి పోయారు, ఆడవాళ్ళు బీడీల చాట ముందు కూర్చున్నారు. ఈ పిల్లలు చూడనిది, ఎరగనిది లేదు. కానీ కలం పట్టుకోగానే నువ్వు వచ్చి కూర్చుంటావు, వాళ్ళు చూసిందంతా పక్కకు పోతుంది.

నువ్వు చేసే చెరుపు ఎలా ఉంటుందో ఒక సన్నివేశంలో చూపిస్తాను. ఒక కథలో పక్కింటావిడ వస్తుంది. బీడీలు చుడుతున్న తల్లి ఆమెతో అంటుంది: ‘ఏం జెయ్యాలె వదినా, మేము పేదోళ్ళం. పొద్దంత బీడీలు జేస్తే వచ్చేది తిండికే సాలది. పిల్ల ఫీజు ఎట్ల గట్టాలె?’ వదిన నిట్టూరుస్తుంది. రాసిన అబ్బాయి ఈ మాటల్ని నిజంగానే బాధపడి రాశాడు. అయితే ఆ వదిన ఎవరు? ఆమె కూడా బీడీలే చుడుతుంది. అదే బ్రాంచిలో కార్డు, అదే తూకం, అదే కూలి. ఈవిడ చెప్పినదంతా ఆవిడకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. తెలిసిన మనిషికి తెలిసిన సంగతి ఎవరూ చెప్పరు. అంటే తల్లి మాట్లాడుతున్నది వదినతో కాదు, వదిన భుజం మీదుగా పాఠకుడితో. ఆ క్షణంలో ఆమె తల్లిగా, పనిచేసే మనిషిగా ఉండడం మానేసి దరఖాస్తు ఫారంలా మారిపోతుంది.

రెండో నష్టం ఇంకా పెద్దది. లేమిలో ఉన్న మనిషి రోజంతా చేసే పనుల్లో ఒకటి దాన్ని దాచుకోవడం. చుట్టం ఇంటికొస్తే లోటు కనపడకుండా చూసుకోవడానికి ఎంత తెలివి, ఎంత నేర్పు కావాలో అనుభవించిన వాళ్ళకే తెలుసు. నువ్వు వచ్చి ఆ నేర్పునంతా ఒక్క వాక్యంతో తుడిచేస్తావు. పాఠకుడికి జాలి మిగులుతుంది, మనిషి మాత్రం కనపడదు.

నిన్ను తీసెయ్యమంటే పిల్లలు వెంటనే చేసే పని ఒకటుంది. కారే కప్పు, చిరుగుల చీర, సొట్ట గిన్నె, గుడ్డి దీపం తెచ్చి పెడతారు. అది కూడా నువ్వే, వేషం మార్చుకుని వచ్చావు. ఆ సామాను కుంభారిలో అసలు పొసగదు. ఇక్కడ కప్పు కారదు. నర్సయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో బీడీ పని చేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే, కామ్రేడ్ గోదూతాయి పరుళేకర్ పేరుతో సహకార సంఘం పెట్టుకుంటే, పదివేల పక్కా ఇళ్ళు లేచాయి. 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని అప్పగించారు. తర్వాత అదే కుంభారిలో అసంఘటిత కార్మికుల కోసం ముప్పైవేల ఇళ్ళ రేనగర్ మొదలైంది, అందులో పదిహేనువేల ఇళ్ళు 2024 జనవరిలో ఇచ్చారు. కాబట్టి మా కథలో తల్లి సొంత ఇంట్లో, సిమెంటు గోడల మధ్య, టీవీ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ ఇంట్లోకి గుడ్డి దీపం తెస్తే అబద్ధం అవుతుంది. తేకపోతే ఇంక లేమి ఎక్కడుందని పిల్లలు అడుగుతారు.

వస్తువు ఎలా ఉందన్నది కాదు, దాన్ని ఏం చేస్తున్నారన్నది చూడాలి. లేమి అక్కడ దొరుకుతుంది. ఇక్కడ బీడీ పని ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, అది తెలియకుండా ఈ సన్నివేశం రాయలేం. బ్రాంచిలో వెయ్యి బీడీల లెక్కకు తునికాకు, తంబాకు తూచి ఇస్తారు. ఇంటికి తెచ్చి ఆకు తడిపి, తడిగుడ్డలో చుట్టి మెత్తబడనిస్తారు. తర్వాత కొలత రేకు పెట్టి కత్తెరతో కోస్తారు. తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తారు. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, వెయ్యికి నలభై కట్టలు. మర్నాడు బ్రాంచికి ఇస్తే చెకర్ చూసి, నచ్చనివి పక్కకు తీసేస్తాడు. వాటికి కూలి లేదు. ఇచ్చిన ఆకులో చిల్లులున్నవి, ఎండి విరిగేవి ఎక్కువ వస్తే వెయ్యి పూర్తి కాదు. ఆ లోటు కార్మికురాలే పూడ్చాలి. అంటే తన డబ్బుతో బయట ఆకు కొనుక్కుని కంపెనీ లెక్క నింపాలి. పని చేసినందుకు ఎదురు డబ్బు పెట్టుకోవడం అన్నమాట. ఇంత పదునైన విషయం చేతిలో ఉంటే ‘మేము పేదోళ్ళం’ అనే మొండి మాటతో ఏం పని?

ఆ అబ్బాయీ నేనూ కూర్చుని అదే సన్నివేశాన్ని మళ్ళీ కట్టాం. వదినను తీసేశాం. ఆమె స్థానంలో సిరిసిల్ల నుంచి పెళ్ళికని వచ్చి, ఒక పూట చూసిపోదామని దిగిన తల్లి తమ్ముణ్ణి పెట్టాం. అతనికి ఈ ఇంటి లెక్కలు తెలియవు, అతని ముందు దాచుకోవలసిన అవసరం ఈమెకు ఉంది. సన్నివేశానికి బిగువు అక్కడ మొదలైంది.

సాయంత్రం. తల్లి ఆకు కోస్తోంది. కత్తెర ఉంగరాలకు పాత గుడ్డపేలిక చుట్టి ఉంది. తమ్ముడు మంచం మీద కూర్చుని ఊరి సంగతులు చెబుతుంటే ‘అవునా తమ్మీ’ అంటూనే కోస్తోంది, ఒక్కసారి కూడా చేతులు ఆగవు. కూతురు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుతూ కట్టలు కడుతోంది. కళ్ళు పేజీ మీద, వేళ్ళు దారం మీద. తల్లి ఒక ఆకు తీసి లైటు వైపు ఎత్తి చూస్తుంది, చిల్లులు. పక్కన పెడుతుంది. ఇంకొకటి, అదీ పక్కకే. ‘ఇయ్యాల ఆకు మంచిగ రాలే’ అంటుంది కూతురితో. ఆ మాట లేమి గురించి కాదు, పని గురించి. పక్కన పెట్టిన కుప్ప పెరుగుతుంటుంది. వెళ్ళేముందు తమ్ముడు ఎనిమిదేళ్ళ మేనల్లుడి చేతిలో వందనోటు పెడతాడు. తల్లి వద్దంటుంది, అతను వినడు, మర్యాదకు జరిగే పెనుగులాట జరుగుతుంది, నోటు పిల్లవాడి పిడికిట్లో ఉంటుంది. మామను రోడ్డు దాకా సాగనంపి వచ్చిన పిల్లవాడు, ఎవరూ అడగకుండానే, నోటు తెచ్చి చాట అంచున పెట్టి ఆడుకోవడానికి పోతాడు. తల్లి చేతులు తుడుచుకుని, కూతురితో ‘లెక్క జూస్తుండు’ అని చెప్పి, సంచీ తీసుకుని ఆకు కొనడానికి బయల్దేరుతుంది.

మొదటిసారి ఆ అబ్బాయి రాసినప్పుడు పిల్లవాడు ఏడ్చాడు. బాల్‌పెన్ కొనుక్కుందామనుకున్నాడట, తల్లి దగ్గరికి తీసుకుని కన్నీళ్ళు తుడిచిందట. ఆ కన్నీళ్ళు కొట్టేయమన్నాను. ఏడిస్తే ఇది ఇవాళ జరిగిన విషాదం. ఏడవకుండా నోటు పెట్టి ఆటకు పోతే ఆ ఇంట్లో ఇది ఎప్పుడూ జరిగేదే అని అర్థం. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ అలవాటు ఎప్పుడు పడిందో పాఠకుడు తనంతట తాను ఆలోచించుకుంటాడు. అక్కడ రచయిత నోరు మెదపకూడదు. ఒకే ఒక్క నోటు చుట్టం చేతినుంచి పిల్లవాడికి, అతని నుంచి తల్లికి, అక్కడి నుంచి ఆకు దుకాణానికి, చివరకు కంపెనీ వారి నలభై కట్టల్లోకి పోయింది. సన్నివేశంలో ఇంకే వస్తువూ అంత దూరం ప్రయాణించనక్కర్లేదు.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. ఆకు లోటు ఎవరు పూడ్చాలో తెలియని పాఠకుడికి చివర సంచీ అర్థం కాదు. విశాఖలోనో నెల్లూరులోనో చదివేవారికి ఇది తెలిసే దారి లేదు. అక్కడే నువ్వు మళ్ళీ తలుపు తడతావు, ‘ఒక్క వాక్యం చెప్పించు’ అని. ఆ అబ్బాయికి నేను చెప్పింది, చెప్పదలచింది ముందు పేజీలోకి జరపమని. ఉదయం బ్రాంచిలో ఇంకో ఆడమనిషి కట్టలు తక్కువ తెస్తుంది. చెకర్ లెక్క చూసి, మాట్లాడకుండా ఆమె కట్టలు వెనక్కి తోస్తాడు. ఆమె పక్క దుకాణంలో కొనుక్కొచ్చిన ఆకుతో గుమ్మం దగ్గరే కూర్చుని చుట్టడం మొదలుపెడుతుంది. మన తల్లి ఆమెను దాటుకుని లోపలికి పోతుంది. అంతే, నియమం పాఠకుడికి చేరిపోయింది. సాయంత్రం తల్లి ఆకును లైటు వైపు ఎత్తినప్పుడు అతనికి గుండె ఝల్లుమంటుంది.

నీ సాయం లేకుండా ఈ పని చేసినవాళ్ళు మునుపే ఉన్నారు. 1948లో వచ్చిన ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’లో ఉద్యోగానికి సైకిల్ కావాలి, సైకిల్ తాకట్టులో ఉంది. భార్య పరుపుల మీది దుప్పట్లు లాగి మూటకట్టి తాకట్టు కొట్టుకు తీసుకుపోతుంది. కొట్టువాడు ఆ మూట పట్టుకుని అలమర మెట్లెక్కుతాడు. కెమెరా అతని వెంట పైకి పోతే కప్పు దాకా అలాంటి మూటలే కనపడతాయి. ఒక కుటుంబం సంగతి ఊరందరి సంగతి అయిపోతుంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. చద్దర్లు నేసే ఊరివాళ్ళం మేము, దుప్పటి తాకట్టు పెట్టడమంటే ఏమిటో మాకు ఇంకొంచెం ఎక్కువే తెలుస్తుంది. మన విజయనగరం చాసో కూడా ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథలో చదువు ఆగిపోయిన పిల్లవాణ్ణి తండ్రికి చుట్టలు తెమ్మని పంపి, బడి దగ్గర అతని కాళ్ళు ఎలా పనిచేస్తాయో చూపించాడు.

ఇంత చెప్పినా నిన్ను భాషలోంచే వెళ్ళగొట్టాలని నేను అనడం లేదు. నీకు నిజమైన చోటు ఒకటుంది. మావాళ్ళు నిన్ను నోరారా పలికే సందర్భాలు ఉన్నాయి. ఆదాయం సర్టిఫికెట్ కోసం కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు, ఆసుపత్రిలో బిల్లు తగ్గించమన్నప్పుడు, జెండాలు పట్టుకుని కలెక్టరు ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు. అక్కడ నువ్వు వివరణవి కాదు, పనిముట్టువి. ఎదుటివాడి ముద్ర, సంతకం నీ మీద ఆధారపడి ఉంటాయి. నిన్ను ఎంత గట్టిగా అంటే అంత ఫలితం ఉండొచ్చు, లేకపోవచ్చు. అనేటప్పుడు ఆ ఆడమనిషి ముఖంలో సిగ్గూ పౌరుషమూ పెనుగులాడుతుంటాయి. కుంభారి ఇళ్ళు అలా వీధిలోకొచ్చి అడిగిన నోళ్ళ వల్లే వచ్చాయి. కథలో అలాంటి ఘట్టం వస్తే నిన్ను నేనే పిలిపిస్తాను. కిటికీ అవతల గుమాస్తా ఉండాలి, ఇవతల ఆమె చేతిలో కాగితం ఉండాలి, వరసలో వెనకాల ఎరిగినవాళ్ళు వింటుండాలి. అప్పుడు ఆమె నిన్ను పలికితే ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యను.

ఇట్లు,
కుంభారి నుంచి ఒక కథకుడు