మిల్లు పొగ చూసి షేరు జాతకం చెప్పేవాళ్ల సలహాలు

ఖమ్మం, భద్రాచలం వైపు పాత ట్రంకుపెట్టెల్లో ఇప్పటికీ కొన్ని షేర్ సర్టిఫికెట్లు బయటపడుతుంటాయి. వాటిమీద ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ లిమిటెడ్ అని ఉంటుంది. ఇంకా పాతవైతే ముందు ఐటీసీ లేకుండా భద్రాచలం పేపర్‌బోర్డ్స్ అనే ఉంటుంది. కాగితం బయటపడిన మర్నాటికే సలహాలు మొదలవుతాయి. వాటిలో ఎక్కువ భాగం తప్పు, కొన్ని ఇంటికి నష్టం తెచ్చేవి కూడా. అందుకే వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని ఎక్కడ దారి తప్పాయో చెబుతాను.

మొదటి సలహా: "సారపాకలో మిల్లు నడుస్తోంది కదా, కాగితం దాచుకో, రేటు పెరిగాక అమ్ముదువు." మిల్లు నడుస్తున్న మాట నిజమే. గోదావరికి ఇవతల బూర్గంపహాడ్ మండలంలో 1979 నుంచి అక్కడ అట్టా కాగితం తయారవుతోంది. చుట్టుపక్కల రైతులు జామాయిల్, సుబాబుల్ కర్ర అమ్మేది కూడా అక్కడికే. కానీ సర్టిఫికెట్ మీద ఉన్న కంపెనీ ఇప్పుడు లేదు. అది 2002లో ఐటీసీలో కలిసిపోయింది. మిల్లు ఐటీసీకి ఒక విభాగమైంది, పాత షేరు మార్కెట్ నుంచి తొలగిపోయింది. ఆ పేరుతో రేటు పెరగడం అనేది ఇక జరగదు.

రెండో సలహా దీనికి పూర్తిగా ఎదురు: "ఫోన్‌లో ఎంత వెతికినా పేరే రావట్లేదు, కంపెనీ మునిగింది, పొయ్యిలో వేసెయ్." ఇది మొదటిదానికంటే ప్రమాదకరం. విలీనంలో పాత షేరు డీలిస్ట్ అయ్యే తీరు తెలిస్తే ఎవరూ ఈ మాట అనరు. రెండు కంపెనీల బోర్డులు ఒక స్కీమ్ రాసుకుంటాయి. దానికి ఎక్స్ఛేంజీలు అభ్యంతరం లేదనాలి, వాటాదారులు ఓటెయ్యాలి, ఆ రోజుల్లోనైతే హైకోర్టు, ఇప్పుడైతే కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదించాలి. ఆ తర్వాత ఒక రికార్డు తేదీ పెడతారు. ఆ తేదీన పుస్తకాల్లో ఎవరి పేరుంటే వాళ్లకు పెద్ద కంపెనీ షేర్లు వస్తాయి. పాత షేరులో లావాదేవీలు ఆగిపోతాయి, పాత కంపెనీ లిక్విడేషన్ లేకుండానే రద్దవుతుంది. పేరు కనబడకపోయినా హక్కు మాత్రం కొత్త కంపెనీ పుస్తకాల్లోకి చేరి ఉంటుంది.

ఎంత చేరిందో లెక్కేద్దాం. భద్రాచలం షేర్లు 16 ఉంటే ఐటీసీ షేరు 1 అన్నది అప్పటి నిష్పత్తి. ఒకరి దగ్గర 160 ఉన్నాయనుకోండి, 2002లో పది రూపాయల ముఖవిలువ గల ఐటీసీ షేర్లు 10 వచ్చాయి. 2005లో ఐటీసీ ఆ షేరును రూపాయి షేర్లుగా విడగొట్టింది కాబట్టి అవి 100 అయ్యాయి. అదే ఏడు రెండుకు ఒకటి బోనస్ ఇచ్చింది, 150. 2010లో ఒకటికి ఒకటి, 300. 2016లో మళ్లీ రెండుకు ఒకటి, 450. 2025 జనవరిలో హోటళ్లను విడదీసినప్పుడు పదికి ఒకటి చొప్పున ఐటీసీ హోటల్స్ షేర్లు 45 అదనం. వీటికి తోడు ఇన్నేళ్ల డివిడెండ్లు. పొయ్యిలో వెయ్యమన్న కాగితం వెనకున్న లెక్క ఇది.

విలీనమైన ప్రతి కంపెనీకీ ఇలాంటి లెక్కే ఉంటుంది, నిష్పత్తి మాత్రం మారుతుంది. సత్యం కంప్యూటర్స్ 2013లో టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 17 సత్యం షేర్లకు 2 ఇచ్చారు.

అయితే డీలిస్టింగ్ అంతా విలీనం కాదు, ఇక్కడ మూడో తప్పుడు సలహా పుడుతుంది: "డీలిస్ట్ అయితే ఏదో ఒకటి తప్పక చేతికొస్తుంది." ప్రమోటర్లు తామే షేర్లన్నీ కొనుక్కుని మార్కెట్ నుంచి తప్పుకుంటే, అప్పుడు అమ్మనివాళ్లకు కూడా డీలిస్ట్ అయినప్పటి నుంచి కనీసం ఏడాదిపాటు అదే ధరకు అమ్ముకునే వీలుంటుంది. గడువు దాటితే కొనేవాణ్ని మనమే వెతుక్కోవాలి. నిబంధనలు పాటించని కంపెనీని ఎక్స్ఛేంజీయే తీసేస్తే, స్వతంత్ర వాల్యుయర్ కట్టిన విలువకు ప్రమోటర్లు కొనాలి. దివాలా పరిష్కారంలోనైతే సున్నా కూడా రావచ్చు. 2021లో డీహెచ్‌ఎఫ్‌ఎల్ వాటాదారులకు అదే జరిగింది.

పొగను నమ్మడం ఎంత తప్పో గోదావరి వెంట పైకి వెళ్తే తెలుస్తుంది. ఏటూరునాగారం అడవి దగ్గర కమలాపురంలో, జనం నేటికీ ఏపీ రేయాన్స్ అని పిలిచే బిల్ట్ మిల్లు 2014లో ఆగిపోయింది. కార్మికులు జీతాల్లేక నలిగిపోయారు. కానీ మాతృసంస్థ బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ షేరు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మార్కెట్లో చేతులు మారుతూ వచ్చింది. సారపాకలో పొగ ఉంది, షేరు లేదు. కమలాపురంలో పొగ ఆగాక కూడా షేరు ఏళ్లపాటు నడిచింది.

కాబట్టి నిర్ధారణ కాగితాల్లోనే చేసుకోవాలి. బీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో సెక్యూరిటీల జాబితా ఉంటుంది, అందులో Status దగ్గర Active, Suspended, Delisted అని ఎంచుకోవచ్చు. Suspended అంటే లావాదేవీలు ఆపి ఉంచారు, మళ్లీ మొదలు కావచ్చు. దాన్ని Delisted గా లెక్కగట్టకండి. తర్వాత కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా చూడండి. Amalgamated అని ఉంటే ఎందులో కలిసిందో వెతకాలి, Strike Off అని ఉంటే రిజిస్టర్ నుంచే పేరు కొట్టేశారని అర్థం. కంపెనీ గుర్తింపు సంఖ్యలో మొదటి అక్షరం L ఉంటే లిస్టెడ్ అని కొందరు తేల్చేస్తారు. డీలిస్ట్ అయ్యాక ఆ అక్షరం వెంటనే మారాలని లేదు, ఒక్కదాని మీదే ఆధారపడకండి. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గుర్తింపు 2007లో పోయింది గనుక అందులో ఉన్న కంపెనీలన్నీ పోయాయనడం కూడా ఇలాంటిదే. ఎక్స్ఛేంజీ మూతపడినా కంపెనీ బతికే ఉండొచ్చు, వేరే ఎక్స్ఛేంజీలోనూ ఉండొచ్చు.

చివరిది, నాకు బాగా కోపం తెప్పించే సలహా: "ట్రాన్స్‌ఫర్ ఫారం మీద సంతకం పెట్టివ్వు, ఎంతో కొంత ఇస్తాను." 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం షేర్లను అమ్మి బదిలీ చేయడానికి సెబీ ఒప్పుకోవడం లేదు. వారసులకు మార్చుకోవచ్చు, డీమ్యాట్ చేసుకోవచ్చు, అంతే. అసలు కాగితం గానీ ఖాళీ ఫారం మీద సంతకం గానీ ఎవరికీ ఇవ్వకండి. కోల్‌కతాలో ఐటీసీకి సొంత ఇన్వెస్టర్ సర్వీస్ సెంటర్ ఉంది. సర్టిఫికెట్ మీది ఫోలియో నంబరు రాసి, ఆ ఫోలియోకు బదులుగా ఏ షేర్లు జారీ అయ్యాయి, ఇప్పుడు ఎక్కడున్నాయి అని అడగాలి. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు కేంద్రం నడిపే ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళ్లిపోతాయి. వెళ్లినా హక్కు పోదు. ముందు కంపెనీ దగ్గర పత్రాలు తేల్చుకుని, ఆ తర్వాత IEPF-5 ఫారం వెయ్యాలి. దానికి సర్కారు ఫీజు లేదు.

అక్కడ దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలి. నాన్న పేరు మీదున్న షేర్లయితే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలు, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న సంతకాలు ముందే సిద్ధం చేసుకుని అప్పుడు ఉత్తరం రాయండి.