నలభై ఎనిమిది గంటల ముహూర్తం

సోమవారం సాయంత్రం మా అన్నయ్య కొడుక్కి మాదాపూర్ కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. 22 లక్షలు. బుధవారం సాయంత్రం 6 లోపు సరేననాలి, లేదంటే ఆఫర్ చెల్లదు. ఆరు వారాలపాటు ఐదు రౌండ్లు తిప్పిన మహానుభావులు తీరా చూస్తే 48 గంటలిచ్చారు. పోనీ బుధవారం సరేనంటే గురువారం కుర్చీ వేస్తారా? వీడి నోటీసు పీరియడే 90 రోజులాయె. చేరేది మూడు నెలలకి, తేల్చాల్సింది రెండు రోజుల్లో.

వాడి మనసేమో గచ్చిబౌలి కంపెనీ మీదుంది. అక్కడ మేనేజర్ రౌండు వచ్చే మంగళవారం. ఇక నానక్‌రామ్‌గూడ కంపెనీ హెచ్చార్ మేడమ్ "మీరు సెలెక్టయిపోయారండీ, లెటర్ రెండ్రోజుల్లో వచ్చేస్తుంది" అని చెప్పి పది రోజులైంది.

మావాడు ల్యాప్‌టాప్ తెరిచి మాదాపూర్‌కి మెయిల్ మొదలెట్టాడు. నాయనమ్మ ఐసీయూలో ఉంది, వారం గడువివ్వండి అని. ఆ నాయనమ్మ, అంటే మా అమ్మ, పక్కనే కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. "ఈసారి ఏ ఆస్పత్రిరా?" అంది తలెత్తకుండా. వాడు కిందటి రెండుసార్లు ఉద్యోగం మారినప్పుడూ ఆవిడ ఐసీయూలో చేరి, ఆఫర్ ఖాయం కాగానే డిశ్చార్జ్ అయింది.

"అబద్ధం దేనికిరా? ముందు గచ్చిబౌలి వాళ్ళు ఎప్పటికి తేలుస్తారో కనుక్కో. అది తెలీకుండా ఇక్కడ ఎన్నాళ్ళని అడుగుతావు?" అన్నాను.

గచ్చిబౌలి మేనేజర్‌కి ఉన్నమాటే రాశాడు: వేరే ఆఫర్ ఉంది, బుధవారం జవాబు చెప్పాలి, మీ దగ్గర చేరాలనుంది, రౌండు ముందుకి జరపగలరా? ఆరు రోజులుగా ఫోనెత్తని మనిషి ఇరవై నిమిషాల్లో తనే ఫోన్ చేశాడు. మనల్ని ఇంకొకరు అడుగుతున్నారని తెలిస్తే కంపెనీలకి క్యాలెండర్లు తెరుచుకుంటాయి. రౌండు గురువారానికి వచ్చింది.

అప్పుడు మాదాపూర్‌ని సోమవారం దాకా అడిగాడు. "కొంచెం టైమివ్వండి" అంటే "సాయంత్రం దాకా తీసుకోండి" అంటారు, తేదీ చెబితేనే బేరం మొదలవుతుంది. కారణానికి కొదవేమీ లేదు. ఆ 22లో 3 లక్షలు వేరియబుల్, అంటే వాళ్ళ దయ, మన ప్రాప్తం. 2 లక్షలు జాయినింగ్ బోనస్, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. మిగిలిన 17లో పీఎఫ్‌కి కంపెనీ కట్టే వాటా, గ్రాట్యుటీ కూడా కలిపే ఉన్నాయి. అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ ఉందో లేదో లెటర్లో లేనే లేదు. ఇవన్నీ అడిగి, చూసుకోవడానికి గడువు కోరాడు. శుక్రవారం సాయంత్రం 6కి బేరం తెగింది.

ఈలోగా వాడి స్నేహితుడొకడు సలహా పారేశాడు: "అన్నిటికీ ఓకే కొట్టెయ్ రా, చివర్లో నచ్చినదాన్లో చేరు." నిజమే, బలవంతంగా ఎవరూ కుర్చీకి కట్టెయ్యలేరు. కంపెనీలూ ఏమంత నీతిమంతులు కావు. 2022లో ఆఫర్ చేతిలో పెట్టుకుని నెలల తరబడి జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళు కోకొల్లలు. కానీ హెచ్చార్ వాళ్ళూ ఉద్యోగాలు మారుతుంటారు. ఇవాళ మాదాపూర్‌లో మనం మొండిచెయ్యి చూపిన మేడమే రెండేళ్ళ తర్వాత ఇంకో గుమ్మంలో ఎదురవుతుంది, ఎక్సెల్ షీటుతో సహా.

శుక్రవారం మూడింటికి గచ్చిబౌలి నుంచి ఫోన్: "మీరు సెలెక్ట్." లెటరేదంటే, అప్రూవల్ అమెరికా నుంచి రావాలట, అక్కడింకా తెల్లారలేదట. ఈ "సెలెక్ట్" అనే మాట నానక్‌రామ్‌గూడలో విన్నదే కదా. అందుకని జీతం, హోదా, చేరే తేదీ కనీసం మెయిల్లో పెట్టమన్నాడు. 5.10కి వచ్చింది. 20 లక్షలు, అందులో ఫిక్స్‌డ్ పద్దెనిమిదిన్నర. ఇరవై రెండు కంటే ఇరవై పెద్దదని ఆ సాయంత్రం మా ఇంట్లో రుజువైంది.

అయినా మెయిలు మెయిలే, లెటర్ కాదు. అది రాకపోతే? రాకపోయినా పాత ఉద్యోగం ఉంది, వాడింకా రాజీనామా ఇవ్వలేదు. ఆ ధైర్యంతోనే 5.30కి మాదాపూర్‌కి తనే ఫోన్ చేసి వద్దని చెప్పాడు. "వాళ్ళెంతిస్తున్నారు?" అని, అంతవరకు కదలని బడ్జెట్‌లోంచి ఇంకో 2 లక్షలు తీశారు. అదీ వేరియబులే.

సోమవారం గచ్చిబౌలి లెటర్ వచ్చింది. సంతకం పెట్టి పంపాకే రాజీనామా ఇచ్చాడు. పాత కంపెనీ మేనేజర్ 90 రోజుల్లో ఒక్క రోజూ తగ్గించనన్నాడు. మంగళవారం వాడి సీటుకే ఆ కంపెనీ ప్రకటన వేసింది: పదిహేను రోజుల్లో చేరగలిగినవారే దరఖాస్తు చేసుకోవాలి.