నమస్కారం ఎన్ని డిగ్రీలు?

చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడున్నాడు. ఆయన ముందు నాలుగు గుంజీళ్ళు తీసి, గుప్పెడు ఉండ్రాళ్ళు పెడితే విఘ్నాలు తొలగుతాయని మా నమ్మకం. అలవాటు మంచిదే. గుడి బయటకొచ్చి ఏ ఆఫీసు మెట్లెక్కినా మేం అదే భక్తితో గుంజీళ్ళకు సిద్ధమవుతాం, అక్కడే వస్తుంది చిక్కు. గుళ్ళో స్వామి విఘ్నాన్ని తీసేస్తాడు. కౌంటరు వెనక స్వామి దాన్ని పై సోమవారానికి వాయిదా వేస్తాడు.

దండం పెట్టడంలో మా వాళ్ళ లెక్కే వేరు. ఆదాయం సర్టిఫికెట్టయితే తల వంచితే చాలు. భూమి తగాదా అయితే నడుం వంచాలి. కొడుకు స్టేషన్లో ఉంటే ఇక డిగ్రీలు కొలిచే పరికరం లేదు. వంపుతో పాటు హోదా కూడా పెంచుతాం. హోంగార్డుని ‘ఎస్సైగారూ’ అంటాం, ఎస్సైని ‘సీఐగారూ’ అంటాం. కరణాల వ్యవస్థని ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లోనే రద్దు చేసింది. మా పల్లెల్లో వీఆర్వో మాత్రం ఈనాటికీ ‘కరణంగారే’. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు.

ఇది నిన్న మొన్నటి జబ్బు కాదు లెండి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో సర్కారు కాగితాల్లో పెద్దమనుషుల పేర్ల ముందు ‘మహారాజరాజశ్రీ’ ఉండేది. అంతా రాయలేక పొడి అక్షరాల్లోకి కుదించారు. తెల్లవాడు వెళ్ళాక రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ తన పేరు ముందు ‘మహామహిమ’ లాంటి విశేషణాలు ఇక వద్దన్నారు. రాష్ట్రపతే వద్దన్న మహిమ మా అర్జీల్లో ఇంకా దివ్యంగా వెలుగుతోంది. పదిహేను లైన్ల అర్జీలో ఆరు లైన్లు సంబోధన, మూడు లైన్లు విధేయత, మరో నాలుగు లైన్లు బీదతనం. అసలు కావలసిన పని, సర్వే నంబరు చివరి రెండు లైన్లలో నలుగుతుంటాయి. ఆ రెండు లైన్లే గుమస్తా చదవాలి. అక్కడికొచ్చేసరికి ఆయనకు భోజనం వేళవుతుంది.

మా ఎదురింటి మామ్మ సంగతి చెబుతాను. తాత పోయాక ఒక కాగితంలో ఆయన పేరు తీయించి తన పేరు రాయించుకోవాలి. ఏ ఆఫీసో చెప్పను, ఏ శాఖో కూడా చెప్పను, మామ్మ ఇంకా అక్కడికి వెళ్ళాల్సి ఉంది. మొదటిసారి చెప్పులు బయట విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, “దండాలు బావూ” అంది. గుమస్తా అప్పుడు వేలికి తడి చేసుకుని కాగితాలు లెక్కపెడుతున్నాడు. లెక్క తప్పింది. ఆయన మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు, మామ్మ మళ్ళీ దండాలు నుంచి మొదలెట్టింది. రెండోసారి సీట్లో మనిషి లేడు, కుర్చీ వెనక తువ్వాలు మాత్రం ఉంది. మూడోసారి ఖాళీ లేకుండా అందరికీ దండాలు పెట్టింది. బల్ల పక్కన కుర్చీలో దర్జాగా కూర్చున్నాయనకి మాత్రం రెండుసార్లు పెట్టింది. ఆయన కూడా అర్జీ పట్టుకొచ్చినవాడేనని తర్వాత తెలిసింది.

“ఏటే మామ్మా, మూడుసార్లెళ్ళావు, ఏటన్నారు?” అని అడిగాను.

“ఆ బాబు మంచోడేరా. కసరలేదు.”

మా ఊళ్ళో మంచి ఆఫీసరంటే ఇదీ నిర్వచనం. పని చెయ్యకపోయినా ఫర్వాలేదు, కసరకపోతే చాలు.

మామ్మ తప్పెక్కడంటే, దండమే అర్జీ అనుకుంది. పెట్టి ఊరుకుంది. చేతులు జోడిస్తే పని ఏమిటో ఆయనకే తెలుస్తుందని ఆమె ధీమా. వినాయకుడికి తెలుస్తుంది. గుమస్తాకి తెలియదు, పాపం ఆయన ఒక్క సీటు జీతానికి రెండు సీట్లు చూస్తున్నాడు. అలాగని రెండో రకం భక్తుల్ని కూడా నేను మెచ్చుకోను. వాళ్ళు బల్ల మీద సెల్‌ఫోను పెట్టి “మా మావెవరో తెల్సా?” అంటారు. తెలిస్తే ఫైలు కిందికి వెళుతుంది, తెలియకపోతే ఇంకా కిందికి వెళుతుంది.

నాలుగోసారి మామ్మతో నేను వెళ్ళాను. లెక్కపెట్టడం అయ్యి, ముద్ర కొట్టడం అయ్యి, ఆయన తలెత్తేదాకా నిలబడ్డాం. అప్పుడు “నమస్కారమండీ” అన్నాను, ఒక్కసారే, నిటారుగా. ఆ వెంటనే ఊరు పేరు, మనిషి పేరు, ఏ కాగితంలో ఏం మారాలో, దానికి జతపరిచినవేమిటో రెండు ముక్కల్లో చెప్పాను. అర్జీ రెండు ప్రతులు ముందుకు తోశాను. ఒకటి ఆయనకి, రెండోది ముద్ర, తేదీ వేసి మాకు ఇవ్వడానికి. ఆయన మొహం మారింది.

“ఎందుకండీ, నమ్మకం లేదా?”

“నమ్మకముంది సార్. మతిమరుపు కూడా ఉంది, మామ్మకి.”

మామ్మ నా కాలు తొక్కింది. ఆమె దృష్టిలో నమస్కారం మర్యాద, రసీదు అడగడం పొగరు. ఈ ఒక్క అభిప్రాయం మీదే మన జిల్లాల్లో ఎన్నో బీరువాలు నిలబడి ఉన్నాయి. అందిన తేదీ లేని అర్జీ ఎన్నాళ్ళు మురిగినా ఎవరూ ఆలస్యం చేసినట్టు కాదు. తేదీ పడ్డదా, సమాచార హక్కు కింద దాని గతేమిటో అడగొచ్చు. మండల స్థాయి ఆఫీసులో దానికి రుసుము 5 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు.

పోలీసుస్టేషన్లో దండం బరువు ఇంకా ఎక్కువ. గుమ్మం దగ్గర సెంట్రీకి ఒకటి, లోపల రైటరుకి ఒకటి, గోడ మీద గాంధీగారికి కూడా ఒకటి పెట్టేస్తాం. నిజానికి కాగితం నడిపేవాడు రైటరు. ఆయనకి నమస్కారం చెప్పి, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో చెబితే చాలు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ మొత్తం చదివాను. నోటితో చెప్పినా రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి అని ఉంది. తీసుకోకపోతే ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో ఎస్పీకి పంపమంది. ‘వంగి’ అన్న మాట ఎక్కడా లేదు. నేరం కాగ్నిజబుల్ అయితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు లలితకుమారి కేసులో 2013లోనే చెప్పింది. ఆ తీర్పులోనూ ఎంత వంగాలో చెప్పలేదు.

కేరళలో పాలక్కాడ్ జిల్లా మాత్తూరు పంచాయతీ 2021లో ఒక తీర్మానం చేసింది. తమ ఆఫీసుకొచ్చేవాళ్ళు ‘సార్’, ‘మేడమ్’ అనక్కర్లేదనీ, ఉద్యోగిని పేరుతోనో హోదాతోనో పిలవచ్చనీ, అర్జీల్లో వేడుకోళ్ళు మాని హక్కుగా అడగమనీ. ఈ సంగతి మామ్మతో చెబితే, “పేరెట్టి పిలిత్తే కొట్టరేటి?” అంది. నాకూ అంత తొందర లేదు. మనకి ‘అండీ’ ఉంది. సార్ కన్నా పాతది, అందరికీ ఒకటే కొలత, వంగకుండా అనొచ్చు. కౌంటరు అవతలి నుంచి కూడా అదే మాట తిరిగొస్తే చాలు. ఇవతల డెబ్భై ఏళ్ళ మనిషి ‘బావూ’ అంటుంటే అవతల పాతికేళ్ళ కుర్రాడు ‘ఏటే’ అనడం ఏ సర్వీసు రూల్సులోనూ లేదు.

2022 ఏప్రిల్ 4న మా చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. సోమవారం అర్జీలు పట్టుకుని విశాఖ వెళ్ళే బాధ తప్పింది, అనకాపల్లి దగ్గర. బస్సు ఛార్జీ తగ్గింది, వంపు తగ్గలేదు.

మామ్మ పని ఇంకా కాలేదు. కానీ ఇప్పుడు ఆమె దగ్గర ముద్ర పడ్డ ప్రతి ఒకటుంది. దాన్ని వినాయకుడి పటం వెనక దాచింది. తేదీ స్పష్టంగా ఉంది, సంతకం ఎవరిదో మాత్రం తెలియడం లేదు.