స్తంభం వెనక పెద్దనాన్న

“కరెంటు స్తంభమే కదండీ, ఐదు నిమిషాల్లో లేపేత్తానండి” అన్నాడు మండపేటలో స్టూడియో కుర్రాడు. అన్నట్టే లేపేశాడు. దాంతోపాటు మా పెద్దనాన్న కుడిభుజం, మోచెయ్యి, సగం చెవీ లేచిపోయాయి.

సంవత్సరీకానికి ఫ్రేము కట్టించాలి. ఆయన నవ్వుతూ నిలబడ్డ ఫొటో మా వంశం మొత్తానికీ ఇదొక్కటే. తీసిన మహానుభావుడెవరో గానీ సిమెంటు స్తంభాన్ని కెమెరాకి ఆనించినంత దగ్గర పెట్టుకుని తీశాడు. దగ్గరున్నది లావుగా పడుతుంది కాబట్టి, ఫొటోలో మా పెద్దనాన్న కంటే స్తంభమే ఒళ్లు చేసింది.

స్తంభం తీస్తే వెనకాల మనిషి దొరుకుతాడని మనందరికీ ఓ నమ్మకం. దొరకడు. స్తంభం ఉన్నచోట కాయితం మీద స్తంభమే ఉంది, దాని కింద పెద్దనాన్న లేడు. ఫొటోషాప్‌లో 2010 నుంచీ ఖాళీని తనంతట తనే పూడ్చే సదుపాయం ఉంది గానీ, అది చుట్టుపక్కల ఏముంటే దాన్నే తెచ్చి అతికిస్తుంది. గోడకీ, ఆకాశానికీ దివ్యంగా పనికొస్తుంది. మా పెద్దనాన్నకి మాత్రం భుజం ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడ మొలిచింది.

మనిషిని మాయం చెయ్యడమే సులువు. 1937లో మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడ్డ రహస్య పోలీసుల పెద్ద యెజోవ్‌ని తర్వాత ఫొటోలోంచి తీసేశారు. ఆ చోట కాలువ నీళ్లు పూస్తే సరిపోయింది. అదే స్తంభాన్ని తీసి మనిషిని పెట్టాలంటే నీళ్లు పూస్తే కుదరదు కదా!

కుర్రాడు రెండో ఎత్తు వేశాడు. కనిపిస్తున్న ఎడమ సగాన్ని అద్దంలోలా తిప్పి కుడివైపు అతికించాడు. ఇప్పుడు చూడండి, చొక్కాకి రెండు జేబులు. ఒక్క జేబుకే చిల్లరుండని మనిషికి రెండు జేబులా! రెండింట్లోనూ రెండు పెన్నులు, రెండు పెన్నులకీ ఒకేచోట సిరా మరక. మా బాబాయి ఆ రెండో జేబుని చాలాసేపు చూసి, “అన్నయ్య నా దగ్గర తీసుకున్న డబ్బులు అందులోనే ఉండుంటాయి” అన్నాడు. అత్తయ్య రోషపడింది. చేబదులు సంగతి మొదలై, గట్టు తగాదా మీదుగా, ఎవరి పెళ్లిలోనో తాపేశ్వరం కాజాలు ఎవరికి తక్కువొచ్చాయన్న దాకా వెళ్లింది. ఇంతాచేసి ఆ జేబు ఆయనది కాదు, కంప్యూటరుది. రెండు చేతులకీ వాచీలున్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఎండ కుడివైపు నుంచి కొడుతుంటే, కొత్త చెయ్యికి నీడ కూడా కుడివైపే ఉందన్న సంగతి అసలే పట్టలేదు. తిప్పి అతికించిన చెయ్యి దొరికిపోయేది అక్కడే.

మూడోసారికి పని తెలిసిన పెద్దాయన కూర్చున్నాడు. ఆయన స్తంభం అంచుకి కాస్త బయటినుంచే చెరిపాడు. అంచు మసకలో స్తంభం రంగు కలిసుంటుంది, దాన్ని వదిలేస్తే మనిషి చుట్టూ బూడిదగీత మిగులుతుందట. పెద్దనాన్న పోలికే ఉన్న మా అన్నయ్యకి తెల్లచొక్కా తొడిగి, ఎండ అదే వైపు నుంచి పడేలా నిలబెట్టి, పాత ఫొటో తీసినంత ఎత్తులోనే కెమెరా పెట్టి తీశాడు. ఆ చెయ్యి తెచ్చి అతికించి, కొంచెం మసక చేసి, పాత ప్రింటుకున్న గరుకు దానికీ అద్దాడు. లేకపోతే కొత్త చెయ్యి ఒక్కటే కడిగిన ముత్యంలా మెరుస్తుంది. అతుకు ఎక్కడో నాకు కనిపించలేదు. చిన్నచిన్న మరకలు కూడా తుడిచేశాడు.

పెద్దమ్మకి చూపించాం. కళ్లజోడు పెట్టుకుని చూసి, “బానే ఉంది గానీ నన్నేం చేశార్రా?” అంది.

పాత ఫొటో తెచ్చి చూశాం. స్తంభం అంచున, కిందగా, గోరంత వెడల్పున చీర జరీ అంచు. మేం మరకనుకున్నది అదే. ఆవిడ ఆయన కుడిపక్కనే నిలబడిందట. మేం ఇన్నేళ్లూ ఆ ఫొటో చూస్తున్నాం, ఒక్కళ్లమూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

“అమ్మగారిని కూడా పెట్టెయ్యమంటారాండీ?” అన్నాడు కుర్రాడు ఉత్సాహంగా. గోరంత జరీలోంచి ఆ వయసు మొహం, ఆ రోజు నిలబడ్డ తీరు ఎక్కణ్ణించి తెస్తాడు? పెట్టొచ్చు, అది ఇంకెవరో అవుతుంది. పెద్దనాన్న పక్కన ఉన్న చెయ్యి కూడా మా అన్నయ్యదే కదా! చివరికి స్తంభం ఉన్న ఫొటోనే ఫ్రేము కట్టించాం.

ఫొటోలు తీసేవారికో మనవి. ఒకటి తీశాక రెండడుగులు పక్కకి జరిగి ఇంకోటి తీయండి. స్తంభం జరుగుతుంది, వెనకాల చెయ్యి బయటపడుతుంది, రేపు కావాలంటే అందులోంచి తెచ్చుకోవచ్చు. తీసేముందు, పక్కన ఇంకెవరైనా ఉన్నారేమో ఓసారి అడగండి.