బాటిలన్న

ఉప్పల్, నాచారం వైపు ఆదివారం క్రికెట్ ఆడే చోటల్లా ఒక బాటిలన్న ఉంటాడు. బ్యాటు పట్టడు, బంతి వెయ్యడు. స్కూటీ మీద కాళ్ల దగ్గర 20 లీటర్ల క్యాను పెట్టుకుని వస్తాడు. సాయంత్రంలోగా దాన్ని ఆటగాళ్ల కడుపుల్లో ఖాళీ చెయ్యడమే అతని ఆట. 1986 మద్రాసు టెస్టులో డీన్ జోన్స్ వాంతులు చేసుకుంటూనే 210 కొట్టి ఆసుపత్రి పాలైన కథ ప్రతి డ్రింక్స్‌ బ్రేక్‌లోనూ చెబుతాడు. కథ నిజమే. నీళ్లు తగ్గితే ప్రమాదమే. ఎక్కువైనా ప్రమాదమేనన్న సంగతి మాత్రం అతని చెవిన పడలేదు.

"దూప అయినంక తాగితే ఏం ఫాయిదా తమ్మీ? ముందుగాలనే తాగాలె" అన్నది అతని సిద్ధాంతం. నిజానికి చాలామందికి దాహమే సరైన కొలత. లెక్కే కావాలంటే ఇంట్లో తూకం మిషన్ చాలు. 68 కిలోల బౌలర్ రెండు గంటలు ఆడి, లీటరు నీళ్లు తాగి, మధ్యలో మూత్రానికి పోకుండా 67.2 కిలోలు తూగాడనుకుందాం. పోయిన చెమట 1.8 లీటర్లు, అంటే గంటకు 900 మిల్లీలీటర్లు. తాగేది అంతకు మించకూడదు. కాస్త తగ్గినా ఫరవాలేదు. బరువులో రెండు శాతం, అంటే ఇతనికి కిలోంబావు పైచిలుకు, తగ్గేదాకా పెద్దగా దిగులు అక్కర్లేదు. ఆట అయ్యాక బరువు పెరిగిందంటే మాత్రం బాటిలన్న గెలిచాడన్నమాట.

అలా మిగిలిన నీరు రక్తంలో సోడియాన్ని పలచన చేస్తుంది. అది లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే హైపోనట్రేమియా అంటారు. పలచబడ్డ రక్తంలోంచి నీరు కణాల్లోకి చేరి మెదడు ఉబ్బుతుంది. పుర్రె లోపల ఉబ్బడానికి చోటెక్కడిది? తలనొప్పి, వికారం, తికమక, ఫిట్స్. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గింది. ముఖ్యమైన సూచన పరుగులో బరువు పెరగడమే.

చిక్కేమిటంటే వడదెబ్బకూ తలనొప్పే, వికారమే. పైగా ఆట శ్రమలో ఒక హార్మోను మూత్రాన్ని ఆపేస్తుంది. "ఒంటికి పోలేదంటే నీళ్లు చాలలే" అని బాటిలన్న ఇంకో సీసా అందిస్తాడు. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకున్నా, కడుపులో నీళ్లు గలగలమంటున్నా లెక్కచేయడు. ఓఆర్ఎస్ కలిపితే గండం గడుస్తుందనీ నమ్ముతాడు. కానీ ఓఆర్ఎస్‌లో సోడియం రక్తంలో ఉన్నదాంట్లో సగమే కాబట్టి, లీటర్ల కొద్దీ తాగితే అదీ పలచన చేసేదే.

అతని చివరి అస్త్రం వీధి చివరి క్లినిక్‌లో గ్లూకోజ్ బాటిల్. అందులోని చక్కెరను ఒళ్లు వాడేసుకోగా మిగిలేది ఉత్త నీళ్లే. ఆటగాడు తికమకగా మాట్లాడుతుంటే నీళ్లు ఆపి, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి సోడియం పరీక్ష చేయించాలి. తగ్గిందని తేలితే అక్కడ ఎక్కించేది 3 శాతం ఉప్పు సెలైన్, అదీ ఒక విడతకు 100 మిల్లీలీటర్లే.