మా రోజుల్లో దండోరా వేసేవాడికీ తెలుగొచ్చు

ఏమర్రా పిల్లలూ, మా రోజుల్లో నూజెండ్లలో ఊరందరికీ ఒక కబురు చెప్పాలంటే దండోరా వేయించేవాళ్ళు. డప్పు మీద నాలుగు దెబ్బలు, ఆ వెనక నాలుగు మాటలు, అంతే. చెవుడొచ్చిన ముసలమ్మకు కూడా సంగతి అందేది. వినుకొండ నుంచి సినిమా బండి వచ్చేదా, మైకు పట్టుకున్నవాడికి ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ మాట సాగదీయాలో ఎవరూ నేర్పలేదు. ఆ బండి వెనక పరిగెత్తి రంగు కాగితాలు ఏరుకోవడంలో నా మోకాళ్ళు ఎన్నిసార్లు దోక్కుపోయాయో, అది వేరే కథ. ఇప్పుడు మీ కాగితాలు తళతళా మెరుస్తాయి. తెలుగు మాత్రం కొయ్యబారిపోయింది.

ఈ సణుగుడు ఊరికే కాదులెండి. ప్రకటనల తెలుగు దిద్దడమే నా బతుకుతెరువు. మా మనవడిదీ హైదరాబాదులో అదే పని. బొంబాయిలో ఇంగ్లీషులో రాస్తారు, ఎవరో గంటలో తెలుగు చేసి పడేస్తారు, అది వీడి దగ్గరికి వస్తుంది. వీడు "తాతా, ఒకసారి చూడు" అని నా ఫోనుకు పంపిస్తాడు. ఫోన్లో చదవడం కళ్ళకు చేటని తిడతాను. రెండు రోజులు పంపకపోతే మాత్రం నేనే ఫోన్ చేస్తాను.

మొన్న వచ్చింది మందు కొట్టే బ్యాటరీ పంపు కరపత్రం. మిరప వేసే మా పల్నాడు వాళ్ళ కోసమేనట. అందులో ఉన్నది ఉన్నట్టు చెప్తాను, వినండి: "అప్రయత్న పిచికారీ యొక్క స్వేచ్ఛను అనుభవించండి. మా నిపుణులచే రూపొందించబడిన, 16 లీటర్ల సామర్థ్యం కలిగిన ఈ యంత్రం ఒకే ఛార్జ్‌పై 6 గంటల వరకు పనిచేస్తుంది మరియు మీ భుజాలపై భారాన్ని తగ్గిస్తుంది. ఎందుకంటే మీరు ఉత్తమమైనదానికి అర్హులు."

తప్పేముంది తాతా, వ్యాకరణం సరిగ్గానే ఉంది కదా అన్నాడు మావాడు. అదే కదా అసలు జబ్బు. అక్షరం తప్పుంటే ఎవడైనా పడతాడు. అన్నీ సరిగ్గా ఉండి కూడా ఏ మనిషీ అలా మాట్లాడకపోతే, అది పట్టడానికి చెవి కావాలి.

అందుకే నేను మొదట ఇంగ్లీషు చూడను. అది చూశామంటే ఆ వాక్యం బుర్రలో కూర్చుని, తెలుగులో లేని అర్థాన్ని కూడా ఉన్నట్టే చూపిస్తుంది. తెలుగు ఒక్కటే పైకి చదువుతాను. నాలుక తట్టుకున్నచోటల్లా పెన్సిల్ గీత. ఇందులో "రూపొందించబడిన, సామర్థ్యం కలిగిన ఈ యంత్రం" దగ్గరికి వచ్చేసరికి నాకు ఆయాసం వచ్చింది. వయసు వల్ల కూడా అయ్యుండొచ్చు, కాదనను. కానీ వస్తువు పేరు చెప్పకుండానే దానికి రెండు విశేషణాలు తగిలిస్తే, వినేవాడు దేని గురించో తెలియకుండానే అవన్నీ మోయాలి. మన మాటలో ముందు వస్తువు వస్తుంది, దాని గొప్పలు తర్వాత విడివిడిగా వస్తాయి. "మరియు" అంటారా, మన క్రియలు దాని అవసరం లేకుండానే ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. తిని, చెయ్యి కడుక్కుని, పడుకున్నాడు అంటాం గానీ తిన్నాడు మరియు కడుక్కున్నాడు మరియు పడుకున్నాడు అంటామా?

ఆ చివరి వాక్యం చూశారా? అర్హులట! ఇంగ్లీషులో అది ముఖస్తుతి. తెలుగులోకి వచ్చేసరికి సచివాలయం గోడకు అంటించిన పింఛన్ల జాబితాలా తయారైంది.

గీతలు పెట్టాక ఇంగ్లీషు తీస్తాను, మాటల కోసం కాదు, ఏం మాట ఇస్తున్నాడో చూడటానికి. అక్కడ నాకు అసలు గొడవ కనిపించింది. 16 లీటర్ల నీళ్ళంటే 16 కిలోలు. పైగా బ్యాటరీ బరువొకటి. ఇక భుజం మీద భారం ఎక్కడ తగ్గుతుంది నాయనా? చేతి పంపుతో కొట్టినవాడికి తెలుసు, లాగేది భుజం కంటే ముందు చెయ్యి. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో సాలు పొడుగునా పిడి ఆడిస్తూనే ఉండాలి. బ్యాటరీ పంపు తప్పించేది ఆ పని. రాసినవాడు ఏనాడూ పంపు తగిలించుకున్నట్టు లేదు. అయితే దిద్దేవాడు ఇలాంటిది తన ఇష్టానికి మార్చకూడదు. కంపెనీ వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాక మార్చాలి. అడగమన్నాను, వాళ్ళు ఒప్పుకున్నారు.

అప్పుడు మావాడికి ఉత్సాహం పొంగి, "రోజంతా కొట్టినా అలుపుండదు" అని రాసుకొచ్చాడు. చెవికి ఇంపుగానే ఉంది. కొట్టేశాను. ఇంగ్లీషులో ఉన్నది 6 గంటల వరకు అని. ఆ "వరకు" తీసేసి లయ తెచ్చుకుంటే, ఐదో గంటకే పంపు ఆగిపోయిన రైతు దుకాణం మీదికి వస్తాడు. ప్రకటనల మంచిచెడ్డలు చూడటానికి 1985లోనే ఒక మండలి పెట్టుకున్నారు, వాళ్ళ దాకా కూడా వెళ్ళొచ్చు. అంకెలూ, షరతులూ, మందు మోతాదులూ, జాగ్రత్తలూ ముట్టుకోకుండా వాటి చుట్టూ మాట తిప్పుకోవాలి.

చివరికి తేలింది ఇది: "పంపు కొట్టీ కొట్టీ చెయ్యి లాగుతోందా? స్విచ్చి వేస్తే చాలు, మందు దానంతటదే పడుతుంది. ట్యాంకు 16 లీటర్లు. ఒకసారి నిండా చార్జింగ్ పెడితే 6 గంటల దాకా కొట్టుకోవచ్చు. రైతుకు ఆమాత్రం సుఖం ఉండొద్దూ?" నిపుణులను సాగనంపాం. వాళ్ళు లేకపోయినా పంపు నడుస్తుంది.

నేను ఒకచోట "దుకాణం కాడ అడగండి" అని రాస్తే, ఈసారి మావాడు పట్టుకున్నాడు. కరపత్రం శ్రీకాకుళానికీ అనంతపురానికీ కూడా వెళ్తుంది తాతా, "దగ్గర" అని పెట్టు అన్నాడు. పెట్టాను. పెట్టి ఓ పూట మాట్లాడలేదు.

మా రోజుల్లో, అంతకు ముందూ ఇలా ఉండేదా? కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో ఆ బొంబాయిలోనే అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో అక్కడినుంచే ఆంధ్రపత్రిక తెచ్చారు. బొంబాయిలో ఉన్నంత మాత్రాన తెలుగు పాడవ్వాలని లేదని చెప్పడానికి అంటున్నాను. గిడుగువారు వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడి 1940లో పోయారు. 1967లో వివిధ భారతిలో ప్రకటనలు మొదలయ్యాక, ముప్పై సెకన్లలో ఇమిడేలా మాట కుదించడం జనం చెవికే తెలిసొచ్చింది. ఇంగ్లీషు స్క్రిప్టును మాటకు మాట దింపితే మన మాటలు పొడుగు గనక చదివేవాడు పరిగెత్తాల్సిందే. నలభై యాభై మాటలకు తెగ్గొడితేనే తీరుబడిగా సాగుతుంది.

అలాగని పాతవన్నీ బంగారమేనా అంటే, ఎందుకొచ్చిన అబద్ధం. మా తాతల నాటి టానిక్కు ప్రకటనలు చదివితే గ్రాంథికంతోనే సగం నీరసం వచ్చేది, ఒకే సీసాతో సకల రోగాలూ నయమయ్యేవి. అయినా అవి మావి గనక నాకు ముద్దు. మీవి మీరే ముద్దు చేసుకోవాలి, నావల్ల కాదు.

సరే, ఒక్క మాట వినండి. అచ్చుకు పంపేముందు కాగితం పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకు ఒక్కసారి గట్టిగా చదివి వినిపించండి. "ఏంటీ?" అని రెండోసారి అడిగారంటే ఇంకా దిద్దాల్సింది ఉంది.